కంతల అట్ట

ఆ ఆసుపత్రిలో కింది అంతస్తుకు దిగితే ముందుగా తగిలేది ఆవిరి. లాండ్రీ గది తలుపు సందుల్లోంచి వచ్చే ఆ ఆవిరిలో సబ్బు, మందులు, మాడిన గుడ్డ, మూడు వాసనలూ కలిసి ఉంటాయి. దాని పక్కనే, ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసిన గదిలో, శిక్షణ తరగతి నడుస్తుంది. గోడకు నల్లబల్ల, కాళ్ళు సరిగా నిలవని బెంచీలు, కిటికీ లేని చోట కిటికీ బొమ్మ ఉన్న పాత క్యాలెండరు. అక్కడ పాఠం చెప్పే ఆవిడను అందరూ జతల టీచరమ్మ అంటారు.

ఆ పేరు రావడానికి కారణం ఆవిడ పాఠమే. ఎడమవైపు క్రియలు, కుడివైపు నామవాచకాలు రాసి 'జతపరచండి' అంటుంది. ఇంగ్లిష్‌లో ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో అర్థం చూసి చెప్పలేం. హోంవర్క్‌ను 'డూ' చేస్తారు, 'మేక్' చేయరు. శ్రద్ధను 'పే' చేస్తారు. జలుబును 'క్యాచ్' చేస్తారు. ఎందుకని అడిగితే సమాధానం లేదు. ఆ భాష వాళ్ళు అలా అంటారు, అంతే. మనం మాత్రం మాట ఇవ్వట్లేదా, ఈత కొట్టట్లేదా? ఈతను ఎవరు ఎందుకు కొడతారని ఎవడైనా అడిగాడా?

ఇక్కడ ఒక ప్రశ్న సూటిగా అడగాలి. దుప్పట్లు ఉతికేవాళ్ళకూ రోగులను తోసుకెళ్ళేవాళ్ళకూ ఈ పరీక్ష ఎందుకు? కాంట్రాక్టు మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళను పర్మనెంట్ చేయాలంటే ఇంగ్లిష్ పేపరు పాసవ్వాలని పైవాళ్ళెవరో నిబంధన పెట్టారు. లేవలేని మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు నడుము పట్టేసిన ఆయాను, పక్కకు పిలిచి "మేక్‌తో ఏది వస్తుంది, డూతో ఏది వస్తుంది?" అని అడిగే లోకం ఇది. పర్మనెంట్ కావలసినవాళ్ళు ఎక్కువ, పోస్టులు తక్కువ. జల్లెడ కావలసి వచ్చింది. ఇంగ్లిష్ కంటే సన్నని జల్లెడ ఎవరికి దొరుకుతుంది?

ఆ జల్లెడ పట్టుకున్న చెయ్యి జతల టీచరమ్మది. ఆ సంగతి ఆవిడకు చాలాకాలం తట్టలేదు.

తట్టకపోవడానికి ఆవిడ తప్పు కొంత, బతుకు కొంత. తండ్రి బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. ఇంట్లో ఇంగ్లిష్ అంటే స్పేర్ పార్టుల పేర్లే. పడీ పడీ చదివి డిగ్రీ తెచ్చుకుని, ఒక పెద్ద బడిలో ఉద్యోగానికి వెళ్ళింది. అక్కడ ముగ్గురు కూర్చుని ప్రశ్నలు వేశారు. టీచర్ కావాలని ఎప్పుడు అనుకున్నావని అడిగితే, నిర్ణయం తీసుకున్నానని చెప్పబోయి 'టేక్' అనే మాట వాడింది. మధ్యలో కూర్చున్నాయన కళ్ళద్దాలు తీసి నవ్వాడు. "మేక్ ఎ డెసిషన్ అంటారమ్మా. మీ ఇంటి భాషను ఇంగ్లిష్ గుడ్డలో చుట్టి తెస్తే ఎలా?" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఏడుపు ఆపుకోవడానికి దగ్గరలో ఉన్న దారి అదే కాబట్టి.

ఉద్యోగం రాలేదు. ఆ మాట మాత్రం ఎముకలో ఇరుక్కుపోయింది. నా దగ్గర చదివినవాళ్ళెవరూ అలా నవ్వులపాలు కాకూడదని ఒట్టు పెట్టుకుంది. మంచి ఒట్టే. కానీ దెబ్బ తిన్నవాళ్ళు పెట్టుకునే ఒట్టులో ఒక చిక్కు ఉంటుంది. దెబ్బ ఎలా కొట్టాలో కూడా వాళ్ళకు తెలిసిపోతుంది.

*

కిందికి దిగే మెట్లు రోజూ తుడిచేది మెట్ల పెద్దమ్మ. ఎప్పుడో ఒక బ్యాచిలో ఇదే పరీక్ష రాసి తప్పింది. తర్వాత వయసు దాటిపోయింది. పర్మనెంట్ అయ్యుంటే లిఫ్టు పని ఇచ్చేవారు, స్టూలు మీద కూర్చునేది. ఇప్పుడు మోకాళ్ళ మీద వంగి మెట్టు తర్వాత మెట్టు తుడుస్తుంది. టీచరమ్మ చెప్పుల చప్పుడు వినగానే తలెత్తకుండానే అంటుంది:

"ఆగు తల్లీ, తడిగా ఉంది. పడితే నీ ఇంగ్లిష్ విరుగుతుంది."

"విరిగితే నువ్వే అతికించాలి పెద్దమ్మా," అని టీచరమ్మ గోడ పక్కనుంచి జాగ్రత్తగా దిగిపోయేది. ఇన్నేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య అంతకు మించి మాట లేదు.

ఆ ఏడాది తరగతిలో అందరికంటే ముందు వచ్చి కూర్చునేది ఇస్త్రీ అక్క. లాండ్రీలో దుప్పట్ల ప్రెస్సు మీద పనిచేస్తుంది. కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చలు. గౌనుల మడత చూస్తే గీత గీసినట్టుంటుంది. చదువు మాత్రం ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. వచ్చే పరీక్ష నాటికి ఆమెకూ వయసు దాటిపోతుంది. ఈసారి పాసైతే పర్మనెంటు, జబ్బు చేస్తే సెలవు, ముసలితనంలో పింఛను. లేకపోతే ఆవిరిలోనే ఉడకాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తరగతిలో అందరికీ తెలుసు.

ఒకరోజు టీచరమ్మ నల్లబల్ల మీద 'డెసిషన్' రాసి పక్కన 'మేక్' రాసింది. ఇస్త్రీ అక్క చెయ్యెత్తింది.

"టీచరమ్మా, నిర్ణయం తీసుకుంటాం కదా, చేస్తామా?"

"ఎక్కడ తీసుకుంటావ్? షాపులోనా?"

తరగతి గొల్లుమంది. టీచరమ్మకు హుషారొచ్చింది.

"పాకెట్టు ఎంత అని అడిగి తీసుకుంటావా, తూకం వేయించి తీసుకుంటావా?"

వెనక బెంచీలోంచి వార్డు బాయి అందుకున్నాడు. "అక్కా, నాకూ ఒకటి తీసుకురా, మా ఇంట్లో నిర్ణయాలు అయిపోయాయి!"

"నీకెందుకురా నిర్ణయం? మీ ఆవిడ ఉందిగా," అని ఇంకెవరో అన్నారు.

ఇస్త్రీ అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే తల దించుకుని కాలిన మచ్చ మీద వేలితో రాసుకుంది. టీచరమ్మ కంచు గొంతుతో అసలు మాట చెప్పింది. "ఇంట్లో భాషను గుమ్మం బయట వదిలేసి రండి. తీసుకోవడం మన మాట. ఇంగ్లిష్‌లో మేక్. టేక్ అన్నవాళ్ళకు సున్నా."

ఆ రోజు నుంచి లాండ్రీలో ఇస్త్రీ అక్కకు 'తీసుకునే అక్క' అని పేరు పడింది. కొన్నాళ్ళు.

*

పరీక్ష పేపరులో జతల విభాగం టీచరమ్మే తయారుచేసింది. తయారుచేసింది అంటే ఈ ఏడు కాదు, ఎప్పుడో. ఒకసారి చేసిన పేపరునే ఏటేటా వాడుతున్నారు. ఎడమవైపు మేక్, టేక్, డూ, పే, క్యాచ్, టెల్. కుడివైపు అక్షరాలతో డెసిషన్, నోట్స్, హోంవర్క్, అటెన్షన్, కోల్డ్, లై. ప్రతి క్రియ పక్కన ఒక చిన్న గడి. అందులో సరిపోయే నామవాచకం అక్షరం రాయాలి. ఒక అక్షరం ఒక్కసారే వాడాలి. మేక్‌కు డెసిషన్, టేక్‌కు నోట్స్, అలా ఒకదానికొకటి.

దిద్దడానికి ఆవిడకొక పనిముట్టు ఉంది. చొక్కా పెట్టెలోని మందపాటి అట్టను జవాబు కాగితం సైజుకు కోసి, గడులు వచ్చే చోట కంతలు చేసి, ప్రతి కంత పక్కన సరైన అక్షరం రాసింది. కాగితం మీద అట్ట పెడితే కంతలోంచి జవాబు అక్షరం కనిపిస్తుంది. పక్కనున్న అక్షరంతో కలిస్తే టిక్కు, కలవకపోతే ఇంటూ. మాటలు చదవక్కర్లేదు. పేరు చూడక్కర్లేదు. ఆ అట్ట అంటే ఆవిడకు గర్వం. "నా అట్టకు పక్షపాతం లేదు," అనేది. నిజమే, లేదు. కళ్ళే లేనిదానికి పక్షపాతం ఎక్కడినుంచి వస్తుంది?

ఫలితాల కాగితం లాండ్రీ గుమ్మం పక్కన అంటించారు. ఇస్త్రీ అక్క ఒక్క మార్కులో పోయింది.

టీచరమ్మ ఓదార్చడానికి వెళ్తే ఇస్త్రీ అక్కే ఓదార్చింది. "మీరేం చేస్తారు టీచరమ్మా. నా బుర్ర మట్టి బుర్ర. మీరు అన్నిసార్లు చెప్పినా చెయ్యి టేక్ దగ్గరికే పోయింది. ఇంట్లో మాట గుమ్మం బయట వదలమన్నారు, అది నా వెనకాలే వచ్చేసింది."

టీచరమ్మకు జాలేసింది. అంతేకాదు, లోపల ఎక్కడో 'నేను చెప్పలేదా' అన్న చిన్న తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తి తర్వాత ఆవిడను బాగా పీడించింది.

అదే వారం శిక్షణ గదికి కొత్త నిఘంటువు వచ్చింది. అర్థాలు చెప్పే నిఘంటువు కాదు. ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో చెప్పేది. అట్ట అంచులు చిరిగిపోయాయి కాబట్టి, ఎలాగూ కొత్తది చేయాలి కాబట్టి, ఈసారి కొత్త జతలు వేద్దామని ఆవిడ మధ్యాహ్నం ఖాళీ తరగతిలో కూర్చుని పుస్తకం తెరిచింది. ముందు తెరిచింది తనకు బాగా తెలిసిన మాట దగ్గరే. డెసిషన్.

దాని కింద క్రియలు వరసగా ఉన్నాయి. మేక్. పక్కనే టేక్. కింద వాక్యం కూడా ఉంది.

అచ్చు తప్పేమో అనుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ చదివింది. అచ్చు తప్పు కాదు. రెండూ వాడుకలో ఉన్నవే. ఒక దేశం వాళ్ళు ఒకటి ఎక్కువగా అంటారు, ఇంకో దేశం వాళ్ళు రెండూ అంటారు. 'నోట్' దగ్గరికి తిప్పింది. అక్కడా రెండే. టేక్ నోట్స్. మేక్ నోట్స్.

కళ్ళద్దాలాయన నవ్వు గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత తెలిసింది, ఆ రోజు తన మాటలో క్రియ తప్పు లేదని. దానికి సంతోషించాలి. సంతోషం రాలేదు. ఎందుకంటే ఆ నవ్వు వెనకాలే ఇంకో నవ్వు వచ్చింది. ఎక్కడ తీసుకుంటావ్, షాపులోనా?

బీరువా తీసి జవాబుల కట్ట విప్పింది. ఇస్త్రీ అక్క కాగితం తీసింది. ఈసారి అట్ట పెట్టలేదు. మాటలు చదివింది. టేక్ పక్కన డెసిషన్ అక్షరం. డెసిషన్ అక్కడ వాడేసింది కాబట్టి మేక్ పక్కన మిగిలిన నోట్స్. టేక్ ఎ డెసిషన్, మేక్ నోట్స్. రెండూ సరైనవే. రెండింటికీ ఎర్ర ఇంటూలు. మిగతా నాలుగూ టిక్కులే.

జత ప్రశ్నలో ఉన్న పెద్ద గొయ్యి అదే. ఒక్కొక్కటి ఒక్కసారే వాడాలన్నప్పుడు, ఒకచోట అటు వెళ్తే ఇంకోచోట ఇటు వెళ్ళక తప్పదు. అందుకే అలాంటి పేపరు రాసినవాళ్ళు ప్రతి క్రియనూ ప్రతి నామవాచకం పక్కన పెట్టి చూడాలి, ఎక్కడైనా రెండు జతలు తారుమారైనా నిలుస్తున్నాయేమోనని. ఇంకొకరి చేత కూడా రాయించి చూడాలి. ఆవిడ ఏదీ చేయలేదు. తన జవాబు తనకు తెలుసు కాబట్టి, లోకానికి అదొక్కటే జవాబు అనుకుంది.

కట్ట తిరిగి కట్టి బీరువాకు తాళం వేసింది. తాళం వేశాక రెండుసార్లు లాగి చూసింది. అక్కడేదో లోపలినుంచి బయటికి వస్తుందేమో అన్నట్టు.

*

ఆవిడ ఆ రోజే వెళ్ళి చెప్పేసిందని రాయాలని ఉంది. కానీ చెప్పలేదు.

మర్నాడు తలనొప్పి అనుకుంది. ఆ మర్నాడు జాబితా పైకి పంపే శిక్షణాధికారి మీటింగులో ఉన్నాడు. లాండ్రీ గుమ్మం ముందునుంచి వెళ్ళాలంటే ఒళ్ళు బరువెక్కింది. వెనకవైపు చెత్తబండ్ల దారిన తిరిగి తరగతికి వెళ్ళింది. నియమం అంటే నియమం కదా, తరగతిలో మేక్ అనే చెప్పాను కదా, చెప్పింది రాయకపోవడం వాళ్ళ తప్పే కదా అని తనకు తానే వకీలుగా వాదించుకుంది. కేసు గెలిచింది కూడా. గెలిచాక ఇంకా సిగ్గేసింది. తనకూ ఏటా రెన్యువల్ కావలసిన కాంట్రాక్టే. ఆ కాగితం ఇప్పుడు అదే శిక్షణాధికారి బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది. వాదనలన్నిటి అడుగున ఉన్న అసలు వాదన అది.

ఇంట్లో ఆయనది వైరింగు పని. సాయంత్రం బల్ల మీద పాత ఫ్యాను మోటారు విప్పుకుని కూర్చుని ఉంటే, ఆవిడ ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. ఆయన స్క్రూలు మూతలో వేసుకుంటూ విన్నాడు.

"అయితే ఎక్కడ షార్టయిందో దొరికింది."

"దొరికింది."

"మరి ఇంకా కరెంటెందుకు పోనిస్తున్నావ్?"

"అంత సులువేంటండీ? జవాబుల కీ రాసింది నేను. రేపు నా మొహం చూసి నవ్వరూ?"

"నవ్వుతారు," అన్నాడాయన. "నేను ఒకసారి తప్పు వైరు కలిపి వీధి మొత్తం చీకటి చేశాను గుర్తుందా? నెల రోజులు నవ్వారు. కానీ అదే రోజు స్తంభం ఎక్కి సరిచేశా. ఎక్కకపోతే నవ్వేవాళ్ళు కాదు, తిట్టేవాళ్ళు."

"మీకేం, స్తంభం ఎక్కితే పని అయిపోయింది."

"నీ స్తంభం ఎత్తెంతేంటి? మొదటి అంతస్తేగా ఆ ఆఫీసు!"

ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు నిండాయి. ఆయన అది చూడనట్టు మోటారు మీదికి వంగాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నేర్చుకున్న గొప్ప విద్య అదే.

పర్మనెంట్ జాబితా పైకి వెళ్ళేది శుక్రవారం. గురువారం ఆవిడ లాండ్రీలోకి వెళ్ళింది. ముందు ఇస్త్రీ అక్కకే చెప్పాలనుకుంది. ప్రెస్సు మూత కిందికి దిగి పైకి లేస్తోంది. దిగినప్పుడల్లా ఆవిరి బుస్సుమంటోంది. ఇస్త్రీ అక్క దుప్పటి అంచులు లాగుతూ, మడుస్తూ, ఆవిడను చూడగానే మొహం చేటంత చేసుకుంది.

"రండి రండి, చాలా రోజులకు. మీ తెల్ల కోటు అలా నలిగిపోయిందేంటి? ఇలా ఇవ్వండి, ఒక్క నిమిషం."

వద్దనేలోపే కోటు తీసేసుకుంది. కాలర్ మీద నీళ్ళు చిలకరించి చేతి ఇస్త్రీపెట్టె పెట్టింది. టీచరమ్మ ఆ చెయ్యే చూస్తూ నిలబడింది. కోటు వేడివేడిగా తిరిగి వచ్చింది.

"మీరేదో చెప్పాలని వచ్చారు," అంది ఇస్త్రీ అక్క.

"నీ కాగితం మళ్ళీ చూశాను. నువ్వు రాసింది తప్పు కాదు."

ప్రెస్సు దిగింది. ఆవిరి వచ్చింది.

"ఏది తప్పు కాదు?"

"తీసుకోవడం. టేక్ కూడా అంటారు. నోట్స్‌కు మేక్ కూడా అంటారు. తప్పు రాసింది నేను, అట్ట మీద. నీకు రెండు మార్కులు రావాలి. నువ్వు పాసయ్యావు."

ఇస్త్రీ అక్క సంతోషిస్తుందని టీచరమ్మ అనుకుంది. మనసు మూలల్లో, నిజం చెప్పాలంటే, చేతులు పట్టుకుంటుందేమో అనుకుంది. ఇస్త్రీ అక్క చేతిలోని దుప్పటి మడత విప్పి మళ్ళీ మడిచింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"పోయిన వారం."

"పోయిన వారం," అంది మెల్లగా. "వారం రోజులుగా రాత్రి పడుకునేటప్పుడు నా నెత్తి నేనే మొట్టుకుంటున్నా. మా అమ్మాయి కూడా అంది, అంత చిన్న మాట గుర్తుపెట్టుకోలేవా అమ్మా అని."

"తప్పైపోయింది."

"మార్కులు వేస్తారు, సరే. మరి ఆ రోజు అందరిముందూ నవ్వారే. అది ఎవరు దిద్దుతారు టీచరమ్మా?"

కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగినట్టు అడిగింది. ఇలాంటి ప్రశ్న కళ్ళద్దాలాయన్ని కూడా అడగవలసింది. కానీ ఆయన్ని ఎవరూ అడగలేదు. టీచరమ్మ కూడా అడగలేదు.

*

శుక్రవారం పొద్దున్నే మొదటి అంతస్తుకు ఎక్కింది. శిక్షణాధికారి మంచివాడే, తనకు కష్టం రానంతవరకు. నిఘంటువు తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక కన్ను పేజీ మీద, ఒక కన్ను గడియారం మీద వేశాడు.

"మేడం, ఇప్పుడా చెప్పేది? జాబితా సాయంత్రం వెళ్ళిపోవాలి."

"అందుకే ఇప్పుడు వచ్చాను సార్."

"కీ మీదే కదా?"

"నాదే. తప్పూ నాదే."

"ఒక్క కాగితం మారిస్తే సరిపోతుందా? ఆవిడ ఒక్కర్తికీ కలిపేద్దాం, గొడవ ఉండదు."

"ఆవిడ ఒక్కర్తే కాదు. అలా తారుమారుగా రాసినవాళ్ళందరివీ చూడాలి. కట్ట మొత్తం మళ్ళీ దిద్దాలి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండి, మీ రెన్యువల్ కూడా ఇక్కడే ఉంది. కీ తప్పని నేను పైకి రాస్తే మొదట అడిగేది మిమ్మల్నే. అనవసరంగా మీ కొమ్మ మీరే నరుక్కుంటారెందుకు?"

ఆవిడకు భయం వేసింది. చేతులు చల్లబడ్డాయి. ధైర్యవంతుల గురించి రాసేవాళ్ళు ఆ చల్లదనం గురించి రాయరు. బల్ల అంచు పట్టుకుని అంది:

"జాబితా కింద నా సంతకం కావాలి కదా సార్. దిద్దకుండా పెట్టను."

"బెదిరిస్తున్నారా?"

"లేదు సార్. నేనే భయపడుతున్నాను. కానీ పెట్టను."

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి కట్టలు కిందినుంచి తెప్పించాడు. పక్కగదిలో కూర్చుని ఆవిడ మధ్యాహ్నందాకా దిద్దింది. అట్ట లేకుండా. ఒక్కో మాట చదువుతూ. ఇస్త్రీ అక్క పాసైంది. ఆమెతోపాటు పిల్లల వార్డు ఆయా ఒకామె, స్ట్రెచర్లు తోసే ఆయన ఒకరు కూడా గీత ఇవతలికి వచ్చారు. జాబితా మారింది. ఆవిడ సంతకం పెట్టింది. శిక్షణాధికారి కాగితాలు సర్దుకుంటూ, "మీ రెన్యువల్ సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు. ఆ 'చూద్దాం'కు ఏ మాట జత చేసినా అర్థం ఒకటే.

ఆవిడ వెళ్ళిపోకుండా గుమ్మంలో నిలబడింది.

"పాత బ్యాచిల కట్టలు ఎక్కడున్నాయి సార్?"

"ఏ పాత బ్యాచిలు?"

"పేపరు మార్చలేదు కదా. అట్ట కూడా మార్చలేదు. మొదటినుంచీ అదే."

ఆయన మొదటిసారి ఆవిడను పూర్తిగా చూశాడు. "అవెక్కడుంటాయి మేడం? ఏడాది దాటితే చిత్తు కాగితాల కింద ఇచ్చేస్తాం." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "వదిలేయండి. తెలుసుకుని మాత్రం ఏం చేస్తారు?"

ఆ ఒక్క మాట మీద ఆయనతో ఆవిడ గొడవపడలేకపోయింది.

లాండ్రీ దగ్గర సందడిగా ఉంది. ఎవరో ఇస్త్రీ అక్కకు దుప్పటి కప్పి సన్మానం చేస్తున్నారు. వార్డు బాయి గరిటెను మైకులా పట్టుకుని, "ఇప్పుడు అక్క ఒక నిర్ణయం తీసుకుంటారు!" అని అరుస్తున్నాడు. ఇస్త్రీ అక్క వాడి నెత్తిన మొట్టింది. గుంపులోంచి టీచరమ్మను చూసి తల ఊపింది. చిరునవ్వు ఉంది. రమ్మని మాత్రం పిలవలేదు.

టీచరమ్మ తరగతి గదిలోకి వెళ్ళి నల్లబల్ల ముందు నిలబడింది. ఆరు క్రియలూ ఆరు నామవాచకాలూ రాసింది. ప్రతి క్రియ నుంచి ప్రతి నామవాచకానికీ గీత గీస్తూ, నిలిచేది ఉంచి, నిలవనిది చెరుపుతూ వచ్చింది. నిలవనివన్నీ చెరిగాక మేక్, టేక్‌ల దగ్గర రెండేసి గీతలు మిగిలాయి. ఇంత చిన్న పని. అప్పుడే చేసి ఉంటే ఒక్క సాయంత్రం కూడా పట్టేది కాదు. కంతల అట్టను బల్ల మీదినుంచి తీసి మడవబోయింది. మందపాటి అట్ట, మడత పడలేదు. సంచిలో పెట్టుకుంది.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ సగం మెట్ల మీద ఉంది. టీచరమ్మ కింది మెట్టు దగ్గర ఆగింది. గోడ పక్కకు జరగలేదు.

"పెద్దమ్మా, నువ్వు పరీక్ష రాశావు కదా, చాలా రోజుల కిందట."

"రాశాను తల్లీ. తప్పాను."

"ఎన్ని మార్కుల్లో పోయింది?"

"ఎన్నో ఏంటో. కొంచెంలోనే అన్నారు."

"ఆ జతల ప్రశ్న గుర్తుందా? డెసిషన్‌కు ఏం రాశావో గుర్తుందా?"

పెద్దమ్మ గుడ్డ బకెట్లో ముంచి పిండింది. పిండుతూనే ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, టీచరు అడిగింది కదా అని. ఆ ఆలోచించడం చూడలేక టీచరమ్మ రైలింగు పట్టుకుంది.

"ఎవరికి గుర్తుంటుంది తల్లీ అదంతా? ఏదో రాసుంటాను. ఎందుకు ఇప్పుడు?"

టీచరమ్మ చెప్పింది. తీసుకోవడం గురించి, అట్ట గురించి, చిత్తు కాగితాల గురించి. పెద్దమ్మ మోకాళ్ళ మీదనే కూర్చుని మొత్తం విన్నది. గుడ్డలోంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కా కింది మెట్టు మీదికి కారుతున్నాయి.

"అంటే నేను పాసయ్యానా, తప్పానా?"

"తెలియదు పెద్దమ్మా. తెలుసుకునే దారి లేకుండా చేశాను."

పైన లిఫ్టు తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు వినిపించింది. పెద్దమ్మ ఆ చప్పుడు వైపు ఒకసారి చూసి, గుడ్డ మళ్ళీ మెట్టు మీద వేసింది.

"కాసేపు ఆగి ఎక్కు," అంది. "ఇంకా ఆరలేదు."

టీచరమ్మ ఆగింది.